త్రిభుజాలు, వృత్తాలు పునశ్చరణకు ఎస్కేప్ రూమ్: చివరి అంకె తాళం తిప్పి పట్టేస్తే లెక్క ఎవరు చేస్తారు?

సుద్దముక్క

నమస్కారమండీ. తొమ్మిది, పది తరగతుల పిల్లలకి త్రిభుజాలు, వృత్తాలు పాఠాలు రెండూ అయిపోయాక పునశ్చరణ కోసం ఒక ఎస్కేప్ రూమ్ ఆట కడుతున్నాను. పిరియడ్ 45 నిమిషాలు. పిల్లలు 40 మంది, నలుగురేసి పది జట్లు. ముందు బల్ల మీద ఒక పెట్టె, దానికి నాలుగంకెల నంబర్ తాళం. నాలుగు లెక్కల జవాబుల్లో మొదటి అంకెలు వరసగా పేరిస్తే తాళం కోడ్. ఇవీ లెక్కలు:

1) త్రిభుజం ABC లో DE ∥ BC. AD = 4, DB = 6, DE = 8. BC ఎంత? జవాబు 20.

2) బయటి బిందువు P నుంచి O కేంద్రంగా ఉన్న వృత్తానికి PA, PB స్పర్శరేఖలు. ∠APB = 60°. పెద్ద చాపం మీద C ఉంది. ∠ACB ఎంత? జవాబు 60.

3) రెండు ఏకకేంద్ర వృత్తాల వ్యాసార్ధాలు 17, 8. పెద్ద వృత్తపు జ్యా చిన్న వృత్తాన్ని తాకుతూ పోతోంది. జ్యా పొడవెంత? జవాబు 30.

4) ABCD చక్రీయ చతుర్భుజం, AB వ్యాసం. ∠ADC = 125°. ∠BAC ఎంత? జవాబు 35.

కోడ్ 2633. నా అనుమానం ఒక్కటే. మూడు లెక్కలు చేసిన జట్టు నాలుగోది వదిలేసి తాళం తిప్పుకుంటూ కూర్చుంటుందేమో. లెక్కల్లో కూడా తేడా ఏమైనా ఉంటే చెప్పండి.

తాళంచెవి

అనవసరంగా భయపడుతున్నారు. నాలుగంకెల తాళానికి 10,000 కూర్పులుంటాయి. పిరియడ్ మొత్తం తిప్పినా పిల్లలకి దొరకదు. మీరు చూసుకోవాల్సింది తాళం నాణ్యత. నాసిరకం తాళాల్లో కొక్కెం పట్టి లాగుతూ చక్రాలు తిప్పితే సరైన అంకె దగ్గర చేతికి తేడా తెలిసిపోతుంది. మంచి తాళం ఒకటి తెచ్చుకోండి, ఆట నడిచిపోతుంది.

జ్యామితి మాస్టారు

తాళంచెవి గారు కొక్కెం గురించి చెప్పింది నిజం. 10,000 లెక్క మాత్రం ఏమీ తెలియని జట్టుకే వర్తిస్తుంది. మూడంకెలు చేతిలో ఉన్న జట్టుకి మిగిలేవి పదే కూర్పులు, అర నిమిషం పని. రెండే తెలిసినా నూరు. ఓపిక ఉన్న పిల్లవాడు అయిదారు నిమిషాల్లో తిప్పేస్తాడు. పైగా పిల్లలు సులువైనవి ముందు చేస్తారు కాబట్టి వదిలేసేది ఎప్పుడూ కష్టమైనదే. దేని కోసం పునశ్చరణ పెట్టామో అదే చేయకుండా పెట్టె తెరుచుకుంటుంది.

దీనికి మందు తాళంలో లేదు, కోడ్ కట్టే తీరులో ఉంది. ఒక్కో జవాబు నుంచి ఒక్కో అంకె తీసుకోకండి. నాలుగు జవాబులూ పూర్తిగా కూడి, ఆ మొత్తాన్నే మూడంకెల కోడ్ చెయ్యండి. అప్పుడు ఏ ఒక్క జవాబు తెలియకపోయినా ఏ అంకె మీదా నమ్మకం ఉండదు. తెలియనిది కోణమైతే వందకు పైగా విలువలు తిప్పి చూడాలి. దానికన్నా లెక్క చెయ్యడమే తేలిక.

ఇక లెక్కల సంగతి. రెండో లెక్కలో 60 వెంటనే మార్చండి. స్పర్శబిందువుల దగ్గర లంబకోణాలు కాబట్టి ∠AOB = 180° − x, దాంట్లో సగం ∠ACB, అంటే 90° − x/2. ఇక్కడ x = 60 పెడితే జవాబూ 60 అయిపోతుంది. "P దగ్గర ఎంతో C దగ్గరా అంతే" అని బొమ్మ చూసి రాసేసిన పిల్లవాడికీ పూర్తి మార్కులే. 90 పెట్టినా ఇదే తంటా. అప్పుడు జవాబు 45, "సగం చెయ్యాలి కదా" అని x ని సగం చేసిన వాడూ అక్కడికే వస్తాడు. 36 పెడితే జవాబు 72, అది రెట్టింపు చేసిన వాడి జవాబు కూడా. చూడ్డానికి ముచ్చటగా ఉండే సంఖ్యలే ఇక్కడ ఎక్కువ మోసం చేస్తాయి. 50 పెట్టండి. సరైన జవాబు 65. తప్పుదారి పట్టినవాళ్లకి 50, 25, 100, 130, 115 వస్తాయి. ఏదీ 65 తో కలవదు.

మొదటి లెక్కకీ ఇలాంటిదే ఒక గొయ్యి ఉంది, మీరు అందులో పడలేదు. AD, DE సమానంగా ఇస్తే "ఒక పక్క 6 పెరిగింది, ఇటు పక్కా 6 కలుపు" అనే కూడిక పద్ధతి కూడా సరైన జవాబే ఇస్తుంది. మీరు 4, 8 ఇచ్చారు కాబట్టి ఆ దారిలో 14 వస్తుంది, 20 రాదు. DB = 6 అని ఇవ్వడం కూడా మంచి పని. AB = 10 అని ఇచ్చేస్తే పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, అంటే AD/DB నిష్పత్తి పట్టుకుని 12 తేవడం, బయటపడే అవకాశమే ఉండదు.

వెనకబెంచీ

సంఖ్యలు బాగానే మారుస్తున్నారు గానీ బొమ్మల గురించి ఎవరూ మాట్లాడరేం? బొమ్మ కచ్చితంగా 50 డిగ్రీలతో గీసిచ్చారనుకోండి, కోణమానిని పెట్టి 65 కొలిచేస్తారు. సిద్ధాంతం జేబులోనే ఉండిపోతుంది. పెన్సిలు డబ్బా ఉన్న జట్టు గెలుస్తుంది.

జ్యామితి మాస్టారు

మంచి మాట. బొమ్మ కొలతకు గీయకూడదు. అలాగని ఇష్టమొచ్చినట్టూ గీయకూడదు. రెండో లెక్క బొమ్మలో P దగ్గర 50 రాసి 64 డిగ్రీలతో గీయండి. స్పర్శబిందువుల దగ్గర లంబకోణాలు లంబకోణాలుగానే ఉండాలి, C పెద్ద చాపం మీదే ఉండాలి, అల్పకోణం అల్పకోణంగానే కనబడాలి. అప్పుడు కోణమానిని పెట్టినవాడికి C దగ్గర 58 వస్తుంది. 58 తో వచ్చిన జట్టు కొలిచిందని మీకు మాట్లాడకుండానే తెలిసిపోతుంది.

మొదటి బొమ్మలో D ని సరిగ్గా మధ్యలో పెట్టకండి. పెడితే మధ్యబిందు సిద్ధాంతం పట్టుకుని 16 తెస్తారు. అది వాళ్ల తప్పు కాదు, బొమ్మ తప్పు. AD, DB లను 3:7 గా గీయండి, స్కేలు పెట్టినవాడికి 27 దగ్గర్లో వస్తుంది. DE, BC ల మీద సమాంతరమని చూపే బాణం గుర్తులు తప్పకుండా ఉండాలి. అవి లేకపోతే "సమాంతరమని ఎక్కడిచ్చారు?" అని అడిగే పిల్లే సరైన పిల్ల, ఆమెకి మీ దగ్గర సమాధానం ఉండదు.

ప్రతి కాగితం కింద "బొమ్మ కొలతకు గీసినది కాదు" అని ఒక్క వాక్యం వెయ్యండి. లేదంటే మోసం చేశారంటారు.

క్లిక్‌టీచర్

ఇంత కాగితం పని ఎందుకండీ? Google Forms లో ప్రశ్నకి `Response validation` పెట్టి, `Number`, `Equal to` ఎంచుకుని జవాబు ఇచ్చి, ప్రశ్నకి `Required` కూడా పెట్టేస్తే, సరైన సంఖ్య వేసేదాకా తర్వాతి పేజీ తెరుచుకోదు. మా క్లాసులు ఆన్‌లైన్లోనే కాబట్టి ఇది చాలా వీలుగా ఉంటుంది. తప్పు వేస్తే కనబడే మాట కూడా మనమే రాసుకోవచ్చు. మీ ఫారం లింకు ఇస్తే చూస్తాను.

సుద్దముక్క

క్లిక్‌టీచర్ గారూ, మాది తరగతి గదిలో, కాగితాలూ తాళమూ పెట్టి ఆడే ఆట. ఫారం లేదండీ.

వెనకబెంచీ

ఫారం వాడేవాళ్లకి ఒక మాట. `Response validation` లో పెట్టిన జవాబు ఆ పేజీ సోర్సులోనే ఉంటుంది. తెరిచి వెతకడం తెలిసిన పిల్లవాడు తరగతికి ఒకడుంటే చాలు. పైగా ఎన్ని తప్పులకైనా కనబడే మాట ఒక్కటే, 130 వేసినవాడికీ 25 వేసినవాడికీ తేడా ఉండదు. "65°" అని గుర్తుతో సహా కొట్టినవాడికి సరైన జవాబు కూడా తప్పని వస్తుంది, కాబట్టి సంఖ్య మాత్రమే వెయ్యమని ప్రశ్నలోనే రాయాలి.

సుద్దముక్క

మాస్టారూ, మీరు చెప్పినట్టు మార్చాను. జవాబులు 20, 65, 30, 35. మొత్తం 150, తాళం కోడ్ అదే. కానీ కొత్త చిక్కు వచ్చింది. జట్టుకి 142 వచ్చిందనుకోండి, తాళం తెరుచుకోదు. నాలుగింట్లో ఏది తప్పో వాళ్లకి తెలియదు. అన్నీ మళ్లీ చేసుకుంటూ కూర్చుంటే ఆట అక్కడే ఆగిపోతుంది. పది జట్లకీ నేనొక్కదాన్నే తిరిగి చెప్పలేను.

జ్యామితి మాస్టారు

అవును. కూడిక కోడ్‌లో ఉన్న లోపం అదే. ఊహను ఆపుతుంది, తప్పును దాచేస్తుంది. అందుకని తాళానికి ముందు ఒక మెట్టు పెట్టాలి. దాన్ని దారి పట్టిక అనుకుందాం.

ఒక కాగితం మీద సంఖ్యలు చిన్న నుంచి పెద్దకు వరసగా, ఒక 30 దాకా రాయండి. అందులో మీ సరైన జవాబులు ఉంటాయి, పిల్లలు చేసే తప్పుల జవాబులూ ఉంటాయి. ప్రతి సంఖ్యకి ఎదురుగా ఒక చీటీ నంబరు. మీ లెక్కలకి నాకు తట్టినవి:

మొదటిదానికి 20 సరైనది. 12, 14 తప్పులు. రెండోదానికి 65 సరైనది. 25, 50, 100, 115, 130 తప్పులు. మూడోదానికి 30 సరైనది. జ్యాలో సగం దగ్గర ఆగితే 15, 17 లోంచి 8 తీసేస్తే 9, ఆ తొమ్మిదిని రెట్టింపు చేస్తే 18. నాలుగోదానికి 35 సరైనది, B దగ్గర కోణం కనుక్కుని ఆగిపోతే 55. మొత్తం 15 సంఖ్యలు. కొలిచినవాళ్ల కోసం 58, 27 కలపండి, 17. మిగతా 13 ఉత్త సంఖ్యలు, వాటికి చీటీ లేదు.

రెండు లెక్కలకి ఒకే సంఖ్య పడకుండా చూసుకోండి. మూడో లెక్కలో 17, 8 కి బదులు అందరూ వాడే 13, 5 పెట్టి ఉంటే సగం జ్యా 12 అయ్యేది. అది మొదటి లెక్కలో తప్పు జవాబు కూడా. ఆ చీటీ తీసిన జట్టుకి వేరే లెక్క గురించిన సూచన దొరికి, ఉన్న దారి కూడా పోయేది.

చీటీ రాయడంలోనే అసలు నేర్పు. జవాబు చెప్పకూడదు, సిద్ధాంతం పేరు చెప్పకూడదు, ఆ తప్పు చేసినవాడి కన్ను ఎక్కడ పడాలో అక్కడికి తీసుకెళ్లాలి. 12 చీటీ మీద: "చిన్న త్రిభుజంలో AD ఒక భుజం. పెద్ద త్రిభుజంలో ఆ పక్క భుజం ఎక్కడిదాకా ఉంది? A మీద వేలు పెట్టి చివరిదాకా జరపండి." 130 చీటీ మీద: "ఈ కోణం బొమ్మలో ఉంది. దాని శీర్షం C యేనా?" 25 చీటీ మీద: "దేన్ని సగం చేశారు? దాని శీర్షం వృత్తం మధ్యలో ఉందా, బయట ఉందా?" 9 చీటీ మీద: "ఇది రెండు వృత్తాల మధ్య ఎడం. జ్యా ఆ దిక్కుగా పోతోందా?" 58 చీటీకి మూడు మాటలు చాలు: "కోణమానిని డబ్బాలో పెట్టండి."

పట్టిక, చీటీల కట్టలు మూడు సెట్లు చేసి గదిలో మూడు చోట్ల పెట్టండి. ఒకే చోట పెడితే పది జట్లూ అక్కడే బారు కడతాయి. జట్టు నుంచి ఒక్కరే వెళ్లాలి, చదివి చీటీ అక్కడే వదిలి రావాలి.

బిందురేఖ

పట్టిక బావుంది. మొత్తం 150 విషయంలో మాత్రం ఒక్క నిమిషం ఆగండి. మాస్టారు రాసిన తప్పుల్నే తీసుకుని కూడి చూశాను. మొదటి లెక్కకి 12, రెండోది సరిగ్గా 65, మూడోదానికి 18, నాలుగోదానికి 55. కూడితే 150! మూడు లెక్కలు తప్పు చేసిన జట్టుకి పెట్టె తెరుచుకుంటుంది. మొదటిదాంట్లో 8 తగ్గింది, మూడోదాంట్లో 12 తగ్గింది, నాలుగోదాంట్లో 20 పెరిగింది, చెల్లుకి చెల్లు.

మనం రాసుకున్న జవాబుల లెక్కన కూర్పులు 3 × 6 × 4 × 2, అంటే 144. చేత్తో చూడక్కర్లేదు:

```
from itertools import product
a = [20, 12, 14]
b = [65, 130, 25, 50, 100, 115]
c = [30, 15, 9, 18]
d = [35, 55]
for x in product(a, b, c, d):
    if sum(x) == 150:
        print(x)
```

రెండు వరసలు వస్తాయి, ఒకటి సరైనది, ఒకటి నేను పైన చెప్పింది. ∠ADC ని 125 నుంచి 128 కి మార్చండి. B దగ్గర 52, జవాబు 38, మొత్తం 153. `d = [38, 52]` పెట్టి 153 కోసం వెతికితే సరైనదొక్కటే మిగులుతుంది. 38 గానీ 52 గానీ పట్టికలో ఇంకెవరితోనూ కలవవు. ఇంకో లాభం, 150 లాంటి గుండు సంఖ్యను పిల్లలు ముందే వేసి చూస్తారు, 153 ను వెయ్యరు.

నాలుగో లెక్కలో ∠ADC ని 135 మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి. B దగ్గర 45, A దగ్గరా 45, సగంలో ఆగినవాడూ నెగ్గేస్తాడు.

జ్యామితి మాస్టారు

12, 18, 55 నా కంట పడలేదు. 128 ఖాయం చేసుకోండి.

తాళంచెవి

పది కూర్పుల సంగతి ఒప్పుకుంటున్నాను, ఆ కోణంలో చూడలేదు. అయితే ఇప్పుడు నా అనుమానం పట్టిక మీద. ముప్పై సంఖ్యలు గోడ మీద రాసి పెట్టాక, లెక్క చెయ్యకుండా చీటీలన్నీ తీసి చదువుకుంటూ పోవచ్చు కదా? ఏ చీటీలో తిట్టు లేదో అదే జవాబు. తాళం ఊహించడం మానిపించి చీటీలు ఊహించడం నేర్పినట్టవుతుంది.

దీనికి నాదో ఉపాయం. సంఖ్యతో పాటు కారణం కూడా అడగండి. పట్టికకి నిలువు వరసలు పెట్టి, ఒక్కో వరసకి ఒక్కో సిద్ధాంతం రాయండి: సరూపత, స్పర్శరేఖ-వ్యాసార్ధం లంబం, కేంద్ర కోణంలో సగం, అర్ధవృత్తంలో కోణం, చక్రీయ చతుర్భుజం. సంఖ్యా కారణమూ కలిసిన గడిలోనే చీటీ నంబరు ఉంటుంది. ముప్పై గడులు నూటయాభై అవుతాయి.

బిందురేఖ

కారణం అడగడం మంచిదే. ఒక్క కారణమే సరైనదని గడి కట్టెయ్యడమే చిక్కు. రెండో లెక్క చూడండి. PA = PB కాబట్టి త్రిభుజం PAB సమద్విబాహువు, A దగ్గర కోణం (180 − 50)/2 = 65. స్పర్శరేఖకీ జ్యాకీ మధ్య కోణం ఏకాంతర వృత్తఖండంలోని కోణానికి సమానం, కాబట్టి ∠ACB = 65. కేంద్రం దగ్గరికే వెళ్లలేదు, అయినా నూటికి నూరు పాళ్లూ సరైన నిరూపణ. మీ పట్టికలో ఈ పిల్లకి గడి లేదు. బాగా తెలిసిన పిల్లే గోడ దగ్గర నిలబడిపోతుంది.

వెనకబెంచీ

ఇంకోటి కూడా ఉంది, దానికి మందు నాకు తోచడం లేదు. సమద్విబాహు త్రిభుజంలో A దగ్గర 65 తెచ్చుకుని, C దగ్గర ఎందుకు అంతే ఉంటుందో తెలియకుండానే 65 రాసేసేవాడు ఉంటాడు. ఇది 60 లాగా సంఖ్య చేసిన మోసం కాదు, x ఎంత పెట్టినా ఆ రెండు కోణాలూ సమానమే. సంఖ్య మార్చి తప్పించుకోలేం.

జ్యామితి మాస్టారు

అందుకే నాలుగో లెక్కను సొంతంగా ఇవ్వకుండా, మొదటి మూడింటికి బహుమతిగా ముక్కలు చేసి ఇవ్వమంటాను. సరైన జవాబు చీటీ మీద "మీ లెక్క కాగితం తీసుకుని టీచరు దగ్గరికి రండి" అని మాత్రమే ఉండాలి. మీరు సంఖ్య చూడకండి, చేసిన దారి చూడండి. ఏ దారైనా పర్వాలేదు. 65 రాసి కారణం లేకపోతే "C దగ్గరికి ఎలా వచ్చావు?" అని ఒక్క ప్రశ్న వేసి వెనక్కి పంపండి. దారి ఉంటే నాలుగో లెక్క ముక్క ఒకటి ఇవ్వండి. పది జట్లు, మూడేసి ముక్కలు, మొత్తం 30 సార్లు చూడాలి, చూపుకి పావు నిమిషం. చీటీలన్నీ తిరగేసి 65 పట్టుకున్న జట్టు కూడా ఇక్కడ దొరికిపోతుంది. కారణాల పట్టిక అక్కర్లేదని నా అభిప్రాయం.

ముక్కలు ఎలా చెయ్యాలంటే: నాలుగో లెక్క బొమ్మను వృత్తం మధ్యగా రెండు ముక్కలుగా, AB గీత కూడా తెగేలా కత్తిరించండి. మూడో ముక్క బొమ్మ లేని చీటీ, దాని మీద "AB వ్యాసం" అని ఉండాలి. ∠ADC = 128° మాత్రం రెండో ముక్కలో D పక్కన ఉండాలి. బొమ్మ కత్తిరించకుండా మొత్తం ఇచ్చేస్తే AB వ్యాసంలాగే ఉందని చూపుతోనే అనేసుకుంటారు, మూడో ముక్క కోసం ఎవరూ రారు. ఈ బొమ్మలో కేంద్రం గుర్తు పెట్టకండి, అదీ చెప్పేస్తుంది.

మొదటి మూడు లెక్కలూ ఒకదానికొకటి సంబంధం లేనివి కాబట్టి నలుగురూ పంచుకుని ఒకేసారి చేస్తారు. వరసగా ఒకదాని వెనక ఒకటి ఇస్తే ఒకరు రాస్తారు, ముగ్గురు చూస్తారు. ఆటలో ముందు పాడయ్యేది అదే.

తాళంచెవి

ముప్పై సార్లు పావు నిమిషం అంటే ఏడున్నర నిమిషాలు, అదీ అన్నీ ఒక్క చూపులో తేలిపోతే. వెనక్కి పంపినవాళ్లు మళ్లీ వస్తారు. టీచరు దగ్గర బారు గ్యారంటీ. నా పట్టికే మేలు, కావాలంటే బిందురేఖ గారు చెప్పిన ఏకాంతర వృత్తఖండానికి ఆరో వరస కలపండి, 65 కి రెండు గడుల్లోనూ చీటీ నంబరు పెట్టండి.

బిందురేఖ

నాలుగో లెక్కకి ఎన్ని గడులు పెడతారు? 128 నుంచి 52 కి చక్రీయ చతుర్భుజం మీదుగా రావచ్చు, లేదా D వైపు లేని చాపానికి కేంద్ర కోణం 256 తీసుకుని, మిగిలిన 104 లో సగం చెయ్యొచ్చు. ఆ తర్వాత అర్ధవృత్తం ఎలాగూ కావాలి. ఒక్క జవాబుకి రెండు మెట్ల కారణాలు, వాటికి ఒక్క నిలువు వరస సరిపోదు. బారు నిజమే, కానీ నలభై మందిలో ఒక్కరి దారి తప్పని గోడ చెప్పడం కన్నా బారే నయం.

సుద్దముక్క

టీచరు బల్ల పద్ధతే పెడుతున్నాను, కారణాల పట్టిక పక్కన ఉంచుతాను. బారు తగ్గడానికి లెక్కల మీద కాస్త పట్టున్న పై తరగతి పిల్లల్ని ఇద్దర్ని తోడు కూర్చోబెడతాను. సమయం ఇలా అనుకున్నాను: నియమాలకి 5 నిమిషాలు, ఆటకి 28, చివర తప్పు చీటీల మీద మాట్లాడుకోడానికి 12. సరిపోతుందా?

జ్యామితి మాస్టారు

నాలుగు లెక్కలకి సరిపోతుంది, అయిదోది కలిపితే చాలదు. చివరి 12 నిమిషాలు మాత్రం తగ్గించకండి. ఏ చీటీ ఎన్నిసార్లు తీశారో తెలియడానికి చీటీల కట్ట పక్కన ఒక కాగితం పెట్టి, చీటీ తీసిన ప్రతివాణ్ణీ దాని నంబరు ఎదురుగా ఒక గీత గీయమనండి. ఆ గీతలు ఎక్కువ పడ్డ చీటీతో మాట మొదలుపెట్టండి. 12 చీటీకే ఎక్కువ పడతాయని నా అంచనా.

తోడు కూర్చునే పిల్లలకి సరైన జవాబుల కాగితం ఇవ్వకండి, దారులు రాసిన కాగితం ఇవ్వండి. జవాబు ఇస్తే వాళ్లూ సంఖ్య చూసే పంపేస్తారు.

వెనకబెంచీ

ఇంతకీ పెట్టె తెరిస్తే లోపల ఏముంటుంది? ముందు తెరిచిన జట్టు మిగతా పది నిమిషాలూ పక్క జట్టుకి 153 అని చెవిలో చెబుతూ కూర్చుంటుంది.

సుద్దముక్క

అది ఆలోచించలేదు. పెట్టె ఒక్కటే కాబట్టి ఒక జట్టు తెరిస్తే అందరికీ తెరిచినట్టే అవుతుంది కూడా.

బిందురేఖ

జట్టుకో పెట్టె అక్కర్లేదు, కోడ్ మార్చండి. ప్రతి జట్టుకీ ఒక జట్టు సంఖ్య ఇవ్వండి, 3, 7, 11 ఇలా. దాన్ని 153 కి కలిపిందే వాళ్ల కోడ్. ఒక్క తాళానికి ఇది కుదరదు కాబట్టి తాళం తీసేసి, జట్టు చివరి మొత్తం చెబితే మీ దగ్గరున్న చిన్న జాబితా చూసి కవరు ఇవ్వండి. పక్క జట్టు చెవిలో చెప్పిన సంఖ్య పనికిరాదు. జట్టు సంఖ్య కూడా కలిస్తే మళ్లీ ఢీకొనే కూర్పులు రావు, ఎందుకంటే అది తప్పు కూర్పులకీ సరైనదానికీ ఒకేలా కలుస్తుంది.

కవరులో రెండో లెక్క బొమ్మే మళ్లీ పెట్టండి, C ని చిన్న చాపం మీదికి జరిపి. ∠ACB ఎంతో, పాత 65 తో దానికి సంబంధం ఏమిటో రాయమనండి. 115 అని ముందే తప్పుగా వేసి చీటీ తీసినవాళ్లు అప్పుడు తమ తప్పు ఏ ప్రశ్నకి సరైన జవాబో చూస్తారు.

తాళంచెవి

తాళమే తీసేశారన్నమాట. సరే, ఆ కవరు అంటించేటప్పుడు వెలుగుకి పెడితే లోపలి బొమ్మ కనబడని కాగితం వాడండి.